చార్జింగ్ పెడితే ఫోన్ కాలిపోతోందా? తప్పెక్కడుందో ఇలా పట్టుకోండి

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మొదలై పది నిమిషాలైంది. బ్యాటరీ 30 శాతానికి దిగిందని చార్జర్ పెట్టారు. కాసేపటికే ఫోన్ వెనకభాగం చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కింది. అవతలివాళ్లు ప్రశ్న అడుగుతుండగానే స్క్రీన్ నల్లబడి కంపెనీ లోగో ప్రత్యక్షం! డిగ్రీ ఫైనలియర్ చదువుతున్న ఓ అబ్బాయికి ఇలాగే జరిగింది. స్నేహితులు కొత్త చార్జర్ కొనమన్నారు. షాపతను చార్జింగ్ బోర్డు మార్చాలన్నాడు. నిజానికి తప్పు ఆ రెండింటిలోనూ లేదు. అదెలా తేలిందో చూస్తే, రేపు మీ ఫోన్‌కు ఇలాగైనా మీరే వెతుక్కోగలరు.

ముందు వేడి ఎక్కడ పుడుతోందో చేత్తో తడిమి చూడండి. అడాప్టరే కాలుతుంటే అనుమానం చార్జర్ మీదకు వెళ్తుంది. కేబుల్ పిన్ను, ఫోన్ కింది అంచు వేడెక్కుతుంటే పోర్టు గానీ కేబుల్ గానీ కారణం కావచ్చు. వెనక మధ్యభాగమంతా వేడిగా ఉంటే బ్యాటరీ, లేదా ఫోన్ మీద పడుతున్న పని. ఫాస్ట్ చార్జింగ్‌లో కాస్త వెచ్చబడటం మామూలే. దానికి వీడియోకాల్ తోడైతే రెండు వేడులూ కలుస్తాయి. అందుకే ఫోన్ స్విచాఫ్ చేసి, కవర్ తీసి, బల్లమీద పెట్టి ఓ 20 నిమిషాలు చార్జ్ చేసి చూడండి. అప్పుడు చల్లగా ఉంటే చార్జర్‌ను అనవసరంగా తిట్టుకున్నట్టే.

మన అబ్బాయి ఫోన్ స్విచాఫ్‌లోనూ కింది అంచు దగ్గర వేడెక్కింది. దాంతో రూమ్మేట్ చార్జర్, కేబుల్ అడిగి తీసుకున్నాడు. ఇక్కడే చాలామంది పొరపడతారు. రెండూ ఒకేసారి మార్చేస్తే వేడి తగ్గినా తప్పు ఎవరిదో తెలియదు. ఒకసారి ఒక్కటే మార్చాలి. మొదట తన కేబుల్‌కు రూమ్మేట్ అడాప్టర్, తర్వాత తన అడాప్టర్‌కు రూమ్మేట్ కేబుల్. ఇంకో మెలిక కూడా ఉంది. వేరే కంపెనీ చార్జర్ పెడితే ఫాస్ట్ చార్జింగ్ ఆగిపోయి మామూలు చార్జింగే జరగొచ్చు. నెమ్మదిగా ఎక్కితే వేడి ఎలాగూ తగ్గుతుంది, దాన్ని చూసి పాత చార్జర్ పాడైందనుకోకూడదు. స్క్రీన్ మీద రెండుసార్లూ ఒకే రకం చార్జింగ్ అని చూపిస్తేనే పోల్చడానికి అర్థం ఉంటుంది.

రెండు రకాలుగా మార్చినా వేడి పోలేదు. అంటే తప్పు ఫోన్‌లోనే ఉంది. చార్జర్ పెట్టినప్పుడు మాత్రమే స్క్రీన్ తనంతట తాను టచ్ అవుతూ, తీయగానే సర్దుకుంటే అది సాధారణంగా నాసిరకం చార్జర్ లక్షణం. ఇక్కడ అదీ లేదు. కాలిన వాసన వచ్చే చార్జర్‌నైతే ఏ పరీక్షకూ వాడొద్దు, పక్కన పడేయండి.

పిన్ను పూర్తిగా లోపలికి దిగడం లేదని, అటూ ఇటూ ఊగుతోందని అప్పుడు గమనించాడు. టార్చి వేసి చూస్తే పోర్టు అడుగున జేబులోని నూలుపీచు గట్టిగా అట్టకట్టి ఉంది. పిన్ను సరిగా ఆనకపోతే ఆ సందు దగ్గరే కరెంటుకు అడ్డంకి పెరిగి వేడి పుడుతుంది. ఫోన్ ఆఫ్ చేసి, పొడి చెక్క టూత్‌పిక్‌తో అంచుల వెంబడి మెల్లగా లాగితే పీచు వచ్చేసింది. గుండుసూది, పిన్నీసు జోలికి మాత్రం వెళ్లకండి, లోపలి కాంటాక్టులు వంగినా, ఒకదానికొకటి తగిలినా పోర్టే పోతుంది. నీళ్లు, తడిగుడ్డ అసలే వద్దు.

కింది అంచు వేడి తగ్గింది. కానీ మర్నాడు వీడియోకాల్‌లో ఫోన్ మళ్లీ రీబూట్ అయింది. ఈసారి చార్జర్ పెట్టలేదు, బ్యాటరీ 28 శాతం చూపిస్తోంది. అసలు ఆధారం ఇదే. పాతబడ్డ బ్యాటరీలో అంతర్గత నిరోధం పెరుగుతుంది. కెమెరా, నెట్, స్క్రీన్ కలిసి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగేసరికి వోల్టేజీ పడిపోయి ఫోన్ రీస్టార్ట్ అవుతుంది. చార్జింగ్‌లో వేడెక్కడానికీ ఆ నిరోధం తోడవుతుంది. మూడేళ్ల ఆ ఫోన్‌కు బ్యాటరీ మార్చాక రీబూట్లు ఆగిపోయాయి. ఒకవేళ నిండుగా చార్జ్ ఉన్నప్పుడు కూడా, ఏ పనీ చేయకుండానే రీబూట్ అవుతుంటే సాఫ్ట్‌వేర్‌నో మదర్‌బోర్డునో అనుమానించాలి. అది ఇంట్లో తేలే పని కాదు.

వెనక ప్యానెల్ ఉబ్బినా, స్క్రీన్ అంచు పైకి లేచినా ఈ పరీక్షలేవీ చేయొద్దు. చార్జింగ్ ఆపేసి, నొక్కకుండా, గుచ్చకుండా నేరుగా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

రిపేరుకు ఇచ్చేముందు సర్టిఫికెట్లు, ఫొటోలు బ్యాకప్ చేసుకోండి. ‘వేడెక్కుతోంది’ అని ఊరుకోకుండా, ‘వేరే చార్జర్, వేరే కేబుల్ పెట్టి చూశాను, చార్జర్ లేకుండానే 28 శాతం దగ్గర రీస్టార్ట్ అవుతోంది’ అని చెప్పండి. ఈలోగా ఇంటర్వ్యూ ఉంటే ముందే ఫుల్ చార్జ్ చేసి, కేబుల్ తీసేసి, కవర్ లేకుండా ఫ్యాను కింద పెట్టుకుని మాట్లాడండి. మీటింగ్ లింకు స్నేహితుడి ఫోన్‌లో కూడా తెరిచి ఉంచుకోండి.