అందరినీ ఉదయం తొమ్మిదింటికే ఎందుకు రమ్మంటారు?

మన దగ్గర ఇంటర్వ్యూ పిలుపు లేఖల్లో తరచూ ఒకే వాక్యం కనిపిస్తుంది: ‘ఉదయం 9 గంటలకు ఒరిజినల్ సర్టిఫికెట్లతో హాజరు కావలెను’. పద్దెనిమిది మందికీ అదే వేళ, అదే వరండా. చివరి పేరు పిలిచేసరికి సాయంత్రమవుతుంది. ఆ అభ్యర్థి ఏడెనిమిది గంటలు ఎదురుచూసి, అలసిపోయి లోపలికి వెళ్తాడు. మొదట వెళ్లినవారితో అతని మార్కులను పోల్చడం ఎంతవరకు న్యాయం? యూపీఎస్సీ కూడా పర్సనాలిటీ టెస్టుకు అభ్యర్థులను ఉదయం, మధ్యాహ్నం రెండు విడతలుగా పిలుస్తుంది. చిన్న సంస్థలు ఇంకాస్త మెరుగ్గా చేయవచ్చు.

ఉదాహరణకు ఒక డిగ్రీ కళాశాలలో అధ్యాపక పోస్టుకు 36 మందిని పిలవాలి, నలుగురు సభ్యుల బోర్డు ఒక్కటే ఉంది అనుకుందాం. ముందుగా తేల్చాల్సింది ఒక్కొక్కరికి పట్టే అసలు సమయం. ‘పావుగంట ఇంటర్వ్యూ’ అని రాసుకుంటే లెక్క తప్పుతుంది. మాటలకు 15 నిమిషాలు, సభ్యులు ఎవరికి వారు మార్కులు వేయడానికి 3, ఒకరు వెళ్లి మరొకరు వచ్చి కూర్చోవడానికి 2. అంటే 20 నిమిషాలు. ఆ మూడు నిమిషాలను మిగుల్చుకుందామని మార్కులను సాయంత్రానికి వాయిదా వేస్తే, ఉదయం వచ్చినవారి సమాధానాలు మసకబారి చివర వచ్చినవారే గుర్తుంటారు.

ఈ లెక్కన 36 మందికి 12 గంటలు కావాలి. ఒక్క రోజులో కుదరదు. రెండు బోర్డులు పెడితే ఒకటి ఉదారంగా, మరొకటి పిసినారిగా మార్కులు వేసే ప్రమాదం ఉంది. పోస్టు ఒక్కటే అయినప్పుడు ఒకే బోర్డు, రెండు రోజులు, రోజుకు 18 మంది అన్నది మేలు.

ఒక రోజును నాలుగు విడతలు చేద్దాం. 9:30 నుంచి 11:10 వరకు ఐదుగురు. టీకి 20 నిమిషాలు. 11:30 నుంచి 12:50 వరకు నలుగురు. భోజనం తర్వాత 1:45 నుంచి 3:25 వరకు ఐదుగురు. మళ్లీ 20 నిమిషాల విరామం. 3:45 నుంచి 5:05 వరకు మిగిలిన నలుగురు.

ఈ విరామాలు టీ కోసం మాత్రమే కాదు. ఒక్కో ఇంటర్వ్యూ మూడు నిమిషాలు ఎక్కువ సాగినా ఐదుగురికి 15 నిమిషాల ఆలస్యం. దాన్ని విరామం మింగేస్తుంది, తర్వాతి విడత వేళకే మొదలవుతుంది. విరామాలకు ఆ వెసులుబాటు లేకపోతే అదే మూడు నిమిషాలు సాయంత్రానికి 54 నిమిషాలవుతాయి. అప్పుడు బోర్డు చివరివారికి పావుగంటకు బదులు ఏడెనిమిది నిమిషాలతో సరిపెడుతుంది.

ఇక పిలిచే వేళలు. ప్రతి విడతనూ 45 నిమిషాలు ముందుగా రమ్మనాలి: 8:45, 10:45, 1:00, 3:00. ఒక గుమస్తా ఒక్కొక్కరి సర్టిఫికెట్లు ఎనిమిది నిమిషాల్లో చూస్తే ఐదుగురికి 40 నిమిషాలు. బోర్డు కూర్చునేసరికి అందరి కాగితాలూ సిద్ధం. అయితే ఒంటిగంటకు మూడో విడత వస్తుంది కాబట్టి గుమస్తా భోజనం పన్నెండింటికే ముగియాలి. దీన్ని మరిచిపోతే మధ్యాహ్నమంతా తడబాటే.

ఇలా చేస్తే వెయిటింగ్ హాల్లో ఒకేసారి ఐదారుగురికి మించి ఉండరు. అందరికన్నా ఎక్కువ ఎదురుచూసే వ్యక్తి, అంటే మొదటి విడతలో ఐదోవాడు, 8:45కు వచ్చి 10:50కి లోపలికి వెళ్తాడు. రెండు గంటల ఐదు నిమిషాలు. అందరినీ తొమ్మిదింటికి పిలిచి ఉంటే పద్దెనిమిదో అభ్యర్థి 4:45 దాకా, అంటే ఏడు గంటల నలభై ఐదు నిమిషాలు కూర్చోవాల్సి వచ్చేది.

నడక దారి కూడా ముఖ్యమే. సర్టిఫికెట్ల బల్ల, కూర్చునే హాలు, బోర్డు గది తలుపు పక్కన తర్వాతి వ్యక్తికి ఒక్క కుర్చీ, బయటికి వేరే దారి. బ్యాగులు పెట్టే చోటు ఆ బయటి దారి దగ్గరే ఉండాలి. లేకపోతే బ్యాగు కోసం హాల్లోకి తిరిగి వచ్చినవారి చుట్టూ ‘ఏమడిగారు?’ అంటూ గుంపు చేరుతుంది. ఫోన్లున్న కాలంలో ప్రశ్నలు మధ్యాహ్నం వారికి చేరకుండా పూర్తిగా ఆపలేం. అందుకే ఒకే స్థాయి ప్రశ్నల జట్లు నాలుగు సిద్ధం చేసుకుని విడతకొకటి వాడాలి.

ఎవరైనా రాకపోతే అదే విడతలోని తర్వాతివారిని, కాగితాలు చూడటం పూర్తయితేనే, ముందుకు జరపవచ్చు. ఆలస్యంగా వచ్చినవారిని ఆ విడత చివరకు పంపాలి. ఈ నియమాన్ని పిలుపు లేఖలోనే రాస్తే తలుపు దగ్గర వాదనలుండవు. తలుపు దగ్గరుండే వ్యక్తి ప్రతి ఒక్కరూ లోపలికి వెళ్లిన, బయటికి వచ్చిన వేళలు రాయాలి. మొదటి విరామానికి ఆలస్యం పావుగంట దాటితే అధ్యక్షుడికి అప్పుడే చెప్పాలి. సాయంత్రం ఆ కాగితం చూస్తే, చివరివారికీ మొదటివారికీ సమానంగా సమయం దక్కిందో లేదో తెలిసిపోతుంది.