టేపు, గుండు, త్రిభుజం: చిన్న కట్టడాన్ని చేతితో కొలిచే పద్ధతి

సారాంశం:
జానపద వాస్తువును పరిశోధించే విద్యార్థులు పాత ఇళ్ళను వర్ణించేటప్పుడు పొడవు, వెడల్పులు మాత్రమే నమోదు చేసి, గదులన్నీ దీర్ఘచతురస్రాలే అన్నట్లు ప్లాను గీయడం తరచుగా కనిపిస్తుంది. మట్టిగోడల పెంకుటింట్లో మూలలు మూలమట్టానికి సరిపోవడం అరుదు. టేపు, తూకం గుండు, నీటిగొట్టం వంటి సామాన్య సాధనాలతో అటువంటి ఇంటిని ఉన్నదున్నట్లుగా కొలిచే విధానాన్ని, అందులో దొర్లే తప్పులను పట్టుకొనే మార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: జానపద వాస్తువు, కొలతల నమోదు, కర్ణం, ఆధారరేఖ, తూకం గుండు.

1. ఉపోద్ఘాతం

భౌతిక సంస్కృతి అధ్యయనంలో ఇల్లు ఒక పాఠం వంటిది. తాళపత్ర ప్రతిని పరిష్కరించేవారు అక్షరాన్ని తమకు తోచినట్లు సరిదిద్దకుండా ముందు ఉన్నదాన్ని ఉన్నట్లుగా ఎత్తి రాసుకొంటారు. కొలతల విషయంలోనూ అదే నియమం వర్తిస్తుంది. అయితే తాళపత్రాన్ని మళ్ళీ చూసే అవకాశం ఉంటుంది. కూల్చిన ఇంటికి తిరిగి వెళ్ళి కొలవడం సాధ్యం కాదు. అందువల్ల తీసుకొన్న కొలత సరైనదో కాదో ఇంటి దగ్గర ఉన్నప్పుడే తేలిపోవాలి. కింద వివరించే పద్ధతి అంతా ఈ అవసరం చుట్టూ అల్లుకొన్నదే.

వివరణ కోసం రెండు గదులు, ముందు వసారా ఉన్న మట్టిగోడల పెంకుటిల్లును నమూనాగా తీసుకోవచ్చు. ముగ్గురు ఉంటే పని సాఫీగా సాగుతుంది. ఒకరు టేపు మొదలును పట్టుకొంటారు, మరొకరు అంకెను చదువుతారు, మూడవవారు దాన్ని పైకి పలికి రాస్తారు. 5 మీటర్ల స్టీలు టేపు, 30 మీటర్ల పొడవు టేపు, గుండు, పురికొస, పారదర్శకమైన నీటిగొట్టం, సుద్ద, పెన్సిలు, అట్ట, కాగితాలు చాలు. కొలవడానికి ముందే ఇంటి రూపాన్ని చేతితో పెద్దగా గీసుకొని ప్రతి మూలకూ ఒక అక్షరం కేటాయించాలి. ఈ చిత్తుపటం కొలతల ప్రకారం ఉండనక్కరలేదు కానీ, అంకెలు రాయడానికి చోటుండాలి.

2. నాలుగు భుజాలు ఎందుకు చాలవు?

నాలుగు వెదురుబద్దలను కొసల దగ్గర తాడుతో కట్టి ఒక చట్రం చేస్తే అది అటూ ఇటూ వాలుతుంది. బద్దల పొడవు మారదు, ఆకారం మాత్రం మారుతుంది. మూడు బద్దలతో కట్టిన చట్రం వాలదు. అంటే నాలుగు గోడల పొడవులు తెలిసినంత మాత్రాన గది ఆకారం తెలియదు. ఎదురెదురు మూలల మధ్య ఒక కర్ణాన్ని కొలిస్తే గది రెండు త్రిభుజాలుగా విడిపోయి దాని ఆకారం స్థిరపడుతుంది.

1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సమీపంలోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధారరేఖను కొలిచి ప్రారంభించిన మహా సర్వేకు కూడా త్రిభుజమే పునాది. ఆ సర్వేలో ఒక భుజాన్ని కొలిచి, కోణాలను థియోడొలైటుతో చూసి మిగిలిన భుజాలను లెక్కకట్టారు. చిన్న కట్టడం విషయంలో కోణాన్ని కొలవనవసరం లేదు. మూడు భుజాలనూ టేపుతోనే కొలవవచ్చు.

నమూనా ఇంటి మొదటి గది మూలలను క, ఖ, గ, ఘ అనుకొంటే, నేల నుంచి ఒకే ఎత్తులో తీసిన కొలతలు మీటర్లలో ఇలా ఉన్నాయి: కఖ 4.200, ఖగ 3.150, గఘ 4.290, ఘక 3.120, కర్ణం కగ 5.274, కర్ణం ఖఘ 5.280. మొదటి రెండు భుజాలనే కొలిచి గదిని దీర్ఘచతురస్రంగా భావిస్తే రెండు కర్ణాలూ 5.250 ఉండాలి. అలా లేవు కనుక గది నలుచదరం కాదని గీయకముందే స్పష్టమవుతుంది.

గీసే క్రమం ఇది. ముందుగా కఖ రేఖను ఆధారరేఖగా గీయాలి. క కేంద్రంగా 5.274, ఖ కేంద్రంగా 3.150 వ్యాసార్థాలతో వృత్తలేఖినితో చాపాలు గీస్తే అవి కలిసే చోటు గ. తర్వాత క నుంచి 3.120, గ నుంచి 4.290 చాపాలు గీస్తే ఘ దొరుకుతుంది. ఇంతవరకు రెండవ కర్ణంతో పని పడలేదు. ఇప్పుడు పటం మీద ఖఘ దూరాన్ని కొలవాలి. అది 5.280కి సరిపోతే గది కొలతలు నమ్మదగినవి.

రెండవ కర్ణం విలువ తప్పు జరిగినప్పుడు తెలుస్తుంది. చదివినవారు గఘను 4.290కి బదులు 4.390 అని పలికారనుకొంటే, ఆ అంకెతో గీసిన పటంలో ఖఘ సుమారు 5.359 వస్తుంది. టేపు చూపింది 5.280. దాదాపు 79 మిల్లీమీటర్ల తేడా వల్ల తప్పు ఉందని తెలుస్తుంది. అది ఏ భుజంలో ఉందో మాత్రం తెలియదు కాబట్టి ఆ గది కొలతలన్నీ మళ్ళీ తీయాలి. అందుకే ఆ ఇంట్లో ఉండగానే ఒక మూల కూర్చుని పటాన్ని గీసి చూసుకోవడం మంచిది.

ఎంత తేడాను సహించవచ్చు అనేది పటం ప్రమాణాన్ని బట్టి ఉంటుంది. 1:50 ప్రమాణంలో 0.2 మిల్లీమీటర్ల మందం గల పెన్సిలు గీత నిజ కట్టడంలో 10 మిల్లీమీటర్లకు సమానం. ఆ లోపు తేడా గీతలోనే కలిసిపోతుంది. దాన్ని మించితే వెతకవలసిందే.

3. త్రిభుజం బలహీనపడే చోటు

ప్రతి త్రిభుజమూ నమ్మదగినది కాదు. రెండు చాపాలు ఒకదాన్నొకటి అడ్డంగా ఖండిస్తే బిందువు స్పష్టంగా ఉంటుంది. రాసుకొంటూ పోతే బిందువు ఎక్కడో చెప్పడం కష్టం. వసారా స్తంభాల దగ్గర విద్యార్థులు ఈ పొరపాటే చేస్తుంటారు.

వసారా రెండు చివరల మధ్య 9 మీటర్ల ఆధారరేఖ ఉందనుకొందాం. దాని నడిమి స్తంభం ఆ రేఖకు 0.30 మీటర్ల దూరంలో ఉంటే, రెండు చివరల నుంచీ స్తంభానికి 4.510 మీటర్లు వస్తుంది. టేపు కొద్దిగా వేలాడి రెండు వైపులా 4.515 అని చదివితే, గీసిన పటంలో స్తంభం రేఖకు 0.368 మీటర్ల దూరంలో పడుతుంది. అంటే 5 మిల్లీమీటర్ల పొరపాటు 68 మిల్లీమీటర్ల స్థానభ్రంశంగా మారింది. ఇటువంటి చోట త్రిభుజాన్ని వదిలి, చివర నుంచి చివరకు పురికొస బిగించి దాని నుంచి స్తంభానికి నేరుగా లంబదూరం తీయాలి. టేపు మొదలును స్తంభం దగ్గర నిలిపి రెండవ కొసను పురికొస మీదుగా అటూ ఇటూ ఆడిస్తే, కనిపించే అతి తక్కువ అంకే లంబదూరం. చాపాలు కనీసం 30 డిగ్రీల కోణంలో ఖండించుకొనేలా బిందువులను ఎంచుకోవడం మంచి నియమం.

4. వరుస కొలత

గోడ మీది గుమ్మం, కిటికీ, గూడులను ఒక్కొక్కటిగా విడిగా కొలిచి కూడితే ప్రతి కొలతలోని చిన్న లోపమూ తర్వాతి దానికి చేరుతుంది. దీనికి బదులు టేపు మొదలును మూలలో ఉంచి, గోడ పొడవునా పరిచి, కదపకుండా అన్నింటినీ ఒకే వరుసలో చదవాలి. కఖ గోడ మీద క నుంచి: గుమ్మం మొదలు 0.860, గుమ్మం చివర 1.760, కిటికీ మొదలు 2.480, చివర 3.400, గోడ చివర 4.200. ఇందులో ఒక అంకె తప్పినా మిగిలినవి చెడవు. చివరి అంకె గది కొలతతో సరిపోవడం అదనపు తనిఖీ. ద్వారబంధాన్ని కొలిచారా, గోడలోని ఖాళీని కొలిచారా అనేది చిత్తుపటంలోనే రాసుకోవాలి.

5. గుండు చెప్పే సంగతి

ప్లాను అంటే ఒకే ఎత్తులో ఇంటిని అడ్డంగా కోసినట్లు ఊహించి గీసే పటం. గోడ వాలి ఉన్నప్పుడు ఒక మూలను నేల దగ్గర, మరొక మూలను భుజమంత ఎత్తులో కొలిస్తే త్రిభుజాలు కలవవు. నేలను నమ్మి ఎత్తు కొలవడమూ సరికాదు, ఎందుకంటే అలికిన నేల నీరు పోవడానికి వాలుగా ఉండవచ్చు. నీటిగొట్టం రెండు కొసల్లో నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. దాని సాయంతో నేలకు సుమారు 1 మీటరు ఎత్తున ఇల్లంతా సుద్దతో మట్టపు గుర్తులు పెట్టుకొని, అడ్డుకొలతలన్నీ అక్కడే తీయాలి. ఎత్తులను ఆ గుర్తు నుంచి పైకి, కిందకి కొలవాలి. గొట్టంలో గాలిబుడగ ఉంటే మట్టం తప్పుతుంది కనుక ముందుగా రెండు కొసలనూ పక్కపక్కన పట్టుకొని నీరు సమంగా ఉందో లేదో చూడాలి.

గోడ నిలువును గుండు తేలుస్తుంది. చూరు కింది నుంచి గోడకు తగలకుండా గుండును వేలాడదీసి, వివిధ ఎత్తుల్లో దారానికీ గోడకూ మధ్య దూరం తీసుకోవాలి. గాలికి ఊగుతుంటే గుండును నీళ్ళ బకెట్లో మునిగేలా ఉంచితే త్వరగా నిలుస్తుంది. నమూనా ఇంటి బయటి గోడకు 2.6 మీటర్ల ఎత్తులో 131, నేలకు దగ్గరగా 0.2 మీటర్ల ఎత్తులో 100 మిల్లీమీటర్లు వచ్చాయి. గోడ బయటి ముఖం పైకి వెళ్ళేకొద్దీ 31 మిల్లీమీటర్లు లోపలికి జరిగింది.

దీనికి రెండు అర్థాలు సాధ్యం. మట్టిగోడను అడుగున లావుగా, పైన సన్నగా కట్టి ఉండవచ్చు. లేదా గోడ గదిలోకి వాలి ఉండవచ్చు. మొదటిది కట్టినవారి నేర్పు, రెండవది ప్రమాదసూచన. గది లోపల కూడా గుండు వేలాడదీస్తే విషయం తేలుతుంది. లోపలి దూరం అన్ని ఎత్తుల్లోనూ సమానంగా ఉంటే గోడ పైకి సన్నబడిందని అర్థం. పైకి వెళ్ళేకొద్దీ లోపలి దూరం కూడా సుమారు 31 మిల్లీమీటర్లు తగ్గితే గోడ వాలిందని అర్థం. ఒకవైపు మాత్రమే చూసి ‘గోడ వాలింది’ అని రాయడం ఆధారం లేని నిర్ణయమవుతుంది.

6. గదులను కలపడం

ఒక్కొక్క గదీ విడిగా సరిగ్గా ఉన్నా, వాటిని పక్కపక్కన పేర్చితే ఇల్లు తప్పవచ్చు. మధ్యగోడ మందాన్ని గుమ్మం దగ్గర ఒక్కచోట కొలిచి రెండు గదులనూ సమాంతరంగా గీయడం ఇందుకు ముఖ్య కారణం. మొదటి గదిలోని రెండు మూలల నుంచి తెరిచిన గుమ్మం గుండా రెండవ గదిలోని ఒక బిందువుకు, అక్కడి నుంచి మరొక బిందువుకు టేపు సాగదీసి త్రిభుజాలు కట్టాలి. రెండవ గదిలో రెండు బిందువుల స్థానాలు స్థిరపడితే ఆ గది మొత్తం దిశ స్థిరపడుతుంది. గుమ్మం ఇరుకుగా ఉండి చాపాలు రాసుకొనే పరిస్థితి వస్తే, ఇంటి చుట్టూ బయట పురికొసలతో ఒక చతుర్భుజాన్ని కట్టి, దాని నుంచి బయటి మూలలను, కిటికీల అంచులను కొలవాలి. ఒకే కిటికీ లోపలి నుంచీ బయటి నుంచీ పటంలోకి వస్తుంది. ఆ రెండు స్థానాలూ కలిస్తే ఇల్లంతా ఒక్కటిగా కలిసినట్లే.

7. ముగింపు

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. ఎత్తైన గోపురాలు, వంపు తిరిగిన కప్పులు, చేరలేని దూలాలు టేపుకు లొంగవు. టేపు కొక్కెం వంగినా, పొడవు టేపు సాగినా రెండు కర్ణాలు కూడా దాన్ని పూర్తిగా బయటపెట్టలేవు. అన్ని కొలతలూ ఒకే నిష్పత్తిలో పెరిగితే పటం తనలో తాను చక్కగా సరిపోతుంది కనుక, పని మొదలయ్యే ముందే రెండు టేపులనూ ఒకే దూరం మీద పోల్చి చూడాలి. చిత్తుపటాన్ని కూడా శుభ్రమైన పటంతో పాటు భద్రపరచాలి. తేదీ, కొలిచినవారి పేర్లు, కొట్టివేసిన అంకెలు, చేరలేక వదిలిన చోట్లు అందులోనే ఉంటాయి. ఊహతో పూరించిన గీతను చుక్కల గీతగా చూపితే, తర్వాతి పరిశోధకులకు ఏది కొలిచినదో, ఏది ఊహించినదో తెలుస్తుంది.