బెణుకు అనుకున్న మణికట్టు

బండి జారి పడేటప్పుడు ఎవరి చేయైనా ముందుకే పోతుంది. ఒంటి బరువంతా అరచేతి మీద పడుతుంది. పాతికేళ్ల కుర్రాడొకడు అలా పడ్డాడనుకుందాం. ఎడమ మణికట్టు కాస్త వాచింది, వంకర పోలేదు, వేళ్లు కదులుతున్నాయి. ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదన్నారు. క్రేప్ బ్యాండేజీ చుట్టించుకుని ఇంటికొచ్చాడు. వారంలో వాపు తగ్గింది. కానీ క్లచ్ నొక్కినా, చేయి ఆనించి లేచినా బొటనవేలి మొదట్లో కలుక్కుమంటూనే ఉంది. మూడు నెలల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీస్తే, స్కాఫాయిడ్ అనే ఎముక రెండు ముక్కలై, అతుక్కోకుండా ఉండిపోయిందని తేలింది.

మణికట్టులో ఉండే ఎనిమిది చిన్న ఎముకల్లో ఎక్కువగా విరిగేది ఇదే. జీడిపప్పులా వంపు తిరిగి, ఏటవాలుగా ఉంటుంది. కొత్తగా వచ్చిన సన్నని పగులు, ముక్కలు పక్కకు జరగకపోతే, మొదటిరోజు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. కాబట్టి ఆ రోజు ఫిల్మ్ బాగుందంటే ఎముక బాగుందని కాదు.

దీన్ని నిర్లక్ష్యం చేస్తే నష్టం ఎందుకంత ఎక్కువ? కారణం రక్తప్రసరణలో ఉంది. ఈ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచి ప్రవేశించి, వెనక్కి మోచేతి వైపు పారుతుంది. నడుమ విరిగితే ఆ దారి తెగిపోవచ్చు. అప్పుడు మోచేతి వైపు ముక్కకు రక్తం అందక అది అతుక్కోదు, ఒక్కోసారి చచ్చుబడిపోతుంది కూడా. అతుకు పడని ఎముకతో ఏళ్లు గడిస్తే మణికట్టు కీలు అరిగి, పట్టు సడలుతుంది.

అనుమానించడానికి ఒక గుర్తుంది. బొటనవేలిని వెనక్కి చాపితే దాని మొదట్లో, రెండు స్నాయువుల మధ్య చిన్న గుంట పడుతుంది. అక్కడ వేలితో నొక్కితే నొప్పి పుట్టినా, బొటనవేలిని మణికట్టు వైపు నెట్టినప్పుడు నొప్పి వచ్చినా స్కాఫాయిడ్‌ను అనుమానించాల్సిందే. అయితే ఉత్త బెణుకులోనూ అక్కడ నొప్పి ఉండొచ్చు. తేల్చేది చిత్రమే.

అందుకే అనుమానం ఉన్నప్పుడు ఎక్స్‌రే మామూలుగా ఉన్నా, చేతికి కదలకుండా స్ప్లింట్‌ గానీ కట్టు గానీ వేసి, 10 నుంచి 14 రోజులకు మళ్లీ తీస్తారు. ఈలోగా పగులు అంచుల్లో ఎముక కాస్త కరిగి గీత స్పష్టమవుతుంది. అంతవరకూ ఆగనక్కర్లేదనుకుంటే ఎంఆర్‌ఐ మేలు, అది తొలి రోజుల్లోనే పగులును పట్టేస్తుంది. ముక్కలు ఎంత జరిగాయో చూడాలంటే సీటీ కావాలి. ఈ పరీక్షలకు ముందే మర్దన చేయించడం మాత్రం మంచిది కాదు.

త్వరగా తెలిస్తే, ముక్కలు జరగని నడుమ పగులుకు సాధారణంగా 6 నుంచి 8 వారాల కట్టు సరిపోతుంది. మోచేతి వైపు కొనలో విరిగితే ఇంకా ఎక్కువ కాలం పడుతుంది, తరచూ స్క్రూ వేస్తారు. మూడు నెలలు ఆలస్యమైన ఆ కుర్రాడిలాంటి వారికైతే తుంటి నుంచో ముంజేయి నుంచో ఎముక తీసి మధ్యలో పెట్టి, స్క్రూతో బిగించాల్సి వస్తుంది. ఆపైన మళ్లీ నెలల తరబడి ఎదురుచూపు. సిగరెట్ తాగేవారిలో ఆ అతుకు విఫలమయ్యే అవకాశం మరింత ఎక్కువ.