ముల్లు ఎన్నిసార్లు ఊగింది?

పంపుసెట్టులో బేరింగు మార్చిన మూడు నెలలకే మళ్లీ గోల మొదలైతే కొత్త బేరింగునే తిట్టుకుంటాం. అనుభవమున్న ఫిట్టరు మాత్రం ముందు షాఫ్టును అనుమానిస్తాడు. దాన్ని శుభ్రంగా తుడిచి, గ్రానైట్ సర్ఫేస్ ప్లేటు మీద రెండు వీ బ్లాకులు పెట్టి, బేరింగులు కూర్చునే చోట్లు వాటిలో ఆనేలా పడుకోబెడతాడు.

ఇనుప బల్ల ఉండగా రాయి ఎందుకు? ఇనుముకు దెబ్బ తగిలితే అంచు పైకి లేస్తుంది, దాని మీద పెట్టిన ప్రతిదీ వంకరగా కూర్చుంటుంది. రాయికి తగిలితే చిన్న పెచ్చు ఊడి గుంట పడుతుందంతే. పైగా తుప్పు పట్టదు. ఒక్కటే చిక్కు, అయస్కాంతపు స్టాండు దానికి అంటుకోదు. బరువైన అడుగున్న స్టాండు కావాలి.

డయల్ మీద ఒక్కో గీత 0.01 మిల్లీమీటరు. కొనను షాఫ్టు పైభాగానికి తగిలించి, ముల్లు కొంత తిరిగేదాకా నొక్కి, అప్పుడు సున్నాకు తిప్పాలి. అలా నొక్కకపోతే పల్లం వచ్చినచోట కొన గాలిలో ఉండిపోతుంది. షాఫ్టును చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పాక ముల్లు మళ్లీ సున్నాకు రావాలి. రాలేదంటే ఏదో కదిలింది, ఆ కొలత చెల్లదు.

40 సెంటీమీటర్ల షాఫ్టు అనుకుందాం. నడుమ ముల్లు 12 గీతల మేర ఊగింది, అంటే రనౌట్ 0.12. వంపు కూడా అంతే అనుకుని ప్రెస్సు కింద పెట్టేవాళ్లున్నారు. అది తప్పు. వంగిన షాఫ్టు తిరిగేటప్పుడు ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంది కనుక అసలు వంపు అందులో సగం, 0.06.

అసలు అది వంపేనా? ఆ సంగతి అంకె చెప్పదు, ముల్లు నడక చెబుతుంది. చుట్టుకు ఒక్కసారే ఎక్కి దిగి, ఎత్తు ఉన్నచోట పెట్టిన సుద్ద గుర్తులు పొడవునా ఒకే వైపు వరుసగా పడితే, అంచులవైపు కొలత తగ్గుతూ పోతే వంపే. చుట్టుకు రెండుసార్లు ఎక్కి దిగితే షాఫ్టు అక్కడ కోడిగుడ్డులా అరిగింది. ప్రెస్సుతో పని లేదు. మూడుసార్లు ఊగేది మరీ గడుసు రకం. దాన్ని మైక్రోమీటరుతో ఎటు కొలిచినా వ్యాసం ఒకేలా వస్తుంది, షాఫ్టు గుండ్రంగానే ఉందనిపిస్తుంది.

షాఫ్టు మీద పుల్లీ స్క్రూ కోసం కోసిన చదునును చూడటం ఇంకో తీరు. ఇక్కడ షాఫ్టు కదలదు, స్టాండే రాతి మీద జరుగుతుంది. ఈ చివర సున్నా, ఆ చివర 5 గీతలు వస్తే చదును చెడినట్టు కాదు, ఉపరితలం వాలి ఉండొచ్చు. అందుకే షాఫ్టును కాస్త తిప్పి, ఒక వీ బ్లాకు కింద పల్చని రేకు పెట్టి, ముందు మూడు మూలలనూ సున్నాకు తెస్తారు. తర్వాత ఉపరితలమంతా తిరిగినా ముల్లు ఒక్క గీతే ఊగితే, చదునులో లోపం ఆ 0.01 మాత్రమే.