వెనకబడని సగటు, గీత దాటే ధర

షేర్ చార్టుపై చలన సగటు గీస్తే ఎగుడుదిగుళ్లు సర్దుకుంటాయి కానీ, గీత ధరకంటే వెనకబడుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన అలన్ హల్ 2005లో దీనికో ఉపాయం చెప్పారు. కొత్త ధరకు ఎక్కువ బరువు, పాతదానికి క్రమంగా తక్కువ బరువు ఇచ్చే సగటు (`WMA`)నే ఆయన ఒకదానిలో ఒకటి అమర్చారు.

```
HMA(16) = WMA( 2*WMA(8) - WMA(16), 4 )
```

ధర రోజూ ఒకేలా పెరుగుతుంటే 16 రోజుల సగటు 5 రోజులు, 8 రోజులది దాదాపు 2.3 రోజులు వెనకబడతాయి. రెండోదాన్ని రెట్టింపు చేసి మొదటిదాన్ని తీసేస్తే ఆలస్యం దాదాపు పోతుంది. చివరి 4 రోజుల సగటు గీతను నునుపు చేస్తుంది. మొత్తం మీద మిగిలే ఆలస్యం ఒక రోజులోపే.

చిక్కల్లా ఆ తీసివేతతోనే. 9 నుంచి 16 రోజుల కిందటి ధరలకు రుణ బరువు పడుతుంది. 100 రూపాయల ధర ఒక్కసారిగా 110కి ఎగిరి అక్కడే నిలిచిందనుకోండి. కొత్త ధర మొదలైన 5వ రోజుకే గీత 110 దగ్గరికి చేరుతుంది. 8వ రోజున 112.5ను తాకుతుంది. ఆ ధర మార్కెట్లో ఎన్నడూ లేదు. తర్వాత గీత కిందికి వంగుతుంది, ధర మాత్రం కదలదు. ఆ వంపు చూసి అమ్మేవారు పొరబడినట్టే. గీత దిగుతున్నప్పుడు ధర కూడా దిగుతోందో లేదో చూసుకోవాలి.