నాలుగు గళ్ల ఆట

1951 మే నెలాఖరులో న్యూయార్క్‌లో 34వ వీధి చుట్టుపక్కల జనం తోసుకుంటూ కొన్నారు. అక్కడ దాదాపు ఎదురుబొదురుగా రెండు పెద్ద దుకాణాలుండేవి: మేసీస్, గింబెల్స్. రెండిట్లోనూ అవే మిక్సర్లు, అవే పెన్నులు, అవే ఆస్పిరిన్ బిళ్లలు. అంతకుముందు చాలా రాష్ట్రాల్లో తయారీదారు పెట్టిన కనీస ధరకంటే తగ్గించి అమ్మడం చట్టరీత్యా కుదిరేది కాదు. న్యూ ఆర్లీన్స్‌కు చెందిన ష్వెగ్‌మన్ అనే కిరాణా సంస్థ విస్కీ తక్కువకు అమ్మినందుకు వచ్చిన కేసులో, మే 21న అమెరికా సుప్రీంకోర్టు ఆ కట్టు సడలించింది. ధర ఒప్పందం మీద సంతకం పెట్టని దుకాణదారుణ్ని రాష్ట్రాల మధ్య సాగే వ్యాపారంలో ఆ ధరకు కట్టిపడేయడం కుదరదని చెప్పింది.

ఎనిమిది రోజులకు మేసీస్ వేల వస్తువుల ధరల్ని 6 శాతం తగ్గించింది. గింబెల్స్ వెంటనే బదులిచ్చింది. మేసీస్ మళ్లీ తగ్గించింది. అవతలి దుకాణంలో ధరలు చూసి రావడానికి మనుషుల్ని పంపడం, వాళ్లు తిరిగి రాగానే చీటీలు మార్చడం. ఒకే రోజులో ఒకే వస్తువు ధర పలుమార్లు మారింది. కొన్ని వస్తువులు కొన్న ధరకంటే తక్కువకే వెళ్లిపోయాయి. నగరంలోని మరికొన్ని పెద్ద దుకాణాలూ ఇందులోకి దిగక తప్పలేదు.

ఆ దుకాణాలు నడిపేవాళ్లు వ్యాపారంలో తలపండినవాళ్లు. తగ్గిస్తే పక్కవాడూ తగ్గిస్తాడని వాళ్లకు తెలుసు. తెలిసి కూడా ఎందుకు తగ్గించారన్నదానికి సమాధానం అప్పటికే దేశానికి రెండో చివర, కాలిఫోర్నియాలో, ఒక కాగితం మీద నాలుగు గళ్ల రూపంలో ఉంది. దాని వయసు ఏడాదిన్నర.

ఆ కాగితం శాంటా మోనికాలోని రాండ్ కార్పొరేషన్‌లో పుట్టింది. సైన్యానికి సలహాలిచ్చే ఆ సంస్థలో గణితజ్ఞులు చాలామంది ఉండేవారు. జాన్ వాన్ నాయ్‌మన్, ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్ 1944లో రాసిన పుస్తకంతో ఆటల సిద్ధాంతం అక్కడ అందరి నోళ్లలో నానుతోంది. ఒకడి గెలుపు ఇంకొకడి ఓటమి అయ్యే ఆటలకు వాన్ నాయ్‌మన్ అప్పటికే దారి చూపాడు. ఇద్దరూ బాగుపడగలిగే, ఇద్దరూ చెడగలిగే ఆటల సంగతేమిటి? ప్రిన్స్‌టన్ విద్యార్థి జాన్ నాష్ దానికి ఒక జవాబిచ్చాడు. అవతలివాడి ఎత్తు మారనంతవరకు తన ఎత్తు మార్చుకున్నా ఎవరికీ లాభం లేని చోట ఆట కుదురుకుంటుందన్నాడు. రాండ్‌లోని మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్‌లకు అనుమానం వచ్చింది. మనుషులు నిజంగా అక్కడే కుదురుకుంటారా? అది తేల్చడానికే 1950 జనవరిలో ఆ ఆట తయారుచేశారు.

వాళ్ల ఆట సెంట్ల లెక్కలో ఉంది కాబట్టి దాన్ని దుకాణం లెక్కలోకి మార్చి చూద్దాం. ఒక వీధిలో రెండు దుకాణాలు ఒకే కంపెనీ మిక్సీ అమ్ముతున్నాయనుకోండి. టోకు ధర 4,000 రూపాయలు, ఇద్దరూ అమ్మేది 5,000కు. నెలకు ఆ వీధికి 100 మంది కొనుగోలుదారులు వస్తారు, చెరి సగం పంచుకుంటారు. ఒక్కొక్కరికి 50 మిక్సీలు, మిక్సీకి 1,000 చొప్పున 50,000 లాభం.

ఇప్పుడు మొదటి దుకాణదారు ధర 4,600 చేశాడు. మిక్సీకి 600 మాత్రమే మిగులుతుంది. కానీ 90 మంది అతని దగ్గరికే వస్తారు, లాభం 54,000. పాత ధరకే కూర్చున్న రెండో అతనికి పదిమంది మిగులుతారు, లాభం 10,000. అతనూ 4,600కు దిగితే గిరాకీ మళ్లీ చెరి సగం అవుతుంది. 50 మిక్సీలు, 600 చొప్పున ఒక్కొక్కరికి 30,000.

మొదటి దుకాణదారు బుర్రలో కూర్చుని ఆలోచించండి. పక్కవాడు ధర తగ్గించకపోతే, తగ్గించిన నాకు 54,000, తగ్గించని నాకు 50,000. పక్కవాడు తగ్గిస్తే, తగ్గించిన నాకు 30,000, తగ్గించని నాకు 10,000. ఆట నాలుగు గళ్లూ ఇవే. వాడు ఏం చేసినా తగ్గించడమే నాకు మేలు. రెండో అతనూ అక్షరం పొల్లుపోకుండా ఇదే లెక్క వేసుకుంటాడు. ఎవరి లెక్కలోనూ తప్పు లేదు. ఇద్దరూ చెరో 50,000 వదులుకుని చెరో 30,000 దగ్గర తేలతారు. అక్కడినుంచి ఏ ఒక్కరు పాత ధరకు వెనక్కి వెళ్లినా 10,000కు పడిపోతారు. నాష్ చెప్పిన కుదురు ఇదే. నన్ను బాగా ఆకట్టుకునే సంగతేమిటంటే, ఇందులో దుర్బుద్ధి అవసరం లేదు, కోపం అవసరం లేదు, తొందరపాటు కూడా అవసరం లేదు. నింపాదిగా, సరిగ్గా ఆలోచించినా ఇదే గతి పడుతుంది.

ఈ ఆటకు పేరు పెట్టింది ఫ్లడ్, డ్రెషర్‌లు కాదు. నాష్‌కు గురువైన ఆల్బర్ట్ టక్కర్ 1950 మేలో స్టాన్‌ఫర్డ్‌లో మనస్తత్వ శాస్త్రజ్ఞులకు ఆటల సిద్ధాంతం గురించి చెప్పాల్సి వచ్చింది. వట్టి అంకెలు పెడితే వాళ్లకు ఎక్కదని ఒక కథ అల్లాడు. ఇద్దరు నిందితులు వేర్వేరు గదుల్లో ఉన్నారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోలేరు. ఒకడు నేరం ఒప్పుకుని రెండోవాణ్ని పట్టిస్తే వాడికి మేలు, నోరు మెదపనివాడికి ఘోరమైన శిక్ష. ఇద్దరూ ఒప్పుకుంటే ఇద్దరికీ శిక్ష, ఇద్దరూ నోరు మూసుకుంటే ఇద్దరూ గట్టెక్కుతారు. 'ఖైదీల సందిగ్ధం' అన్న పేరు అలా వచ్చి, ఆటకంటే ఎక్కువ ప్రసిద్ధికెక్కింది.

రాండ్‌లో ఫ్లడ్, డ్రెషర్‌లు ఈ ఆటను ఇద్దరు మిత్రుల చేత వరుసగా 100 సార్లు ఆడించారు. ఒకరు ఆర్థికవేత్త ఆర్మెన్ ఆల్చియన్, ఇంకొకరు రాండ్ గణిత విభాగం అధిపతి జాన్ విలియమ్స్. మాట్లాడుకోకూడదు. ప్రతి ఎత్తు దగ్గరా మనసులో ఉన్నది కాగితం మీద రాసుకోవాలి. నాష్ లెక్క ప్రకారం వంద సార్లూ ఇద్దరూ ఒకరినొకరు దెబ్బతీసుకోవాలి. జరిగింది వేరు. విలియమ్స్ 78 సార్లు, ఆల్చియన్ 68 సార్లు సహకరించారు. ఇద్దరూ కలిసి సహకరించిన ఆటలు 60. ఇద్దరూ దెబ్బతీసుకున్నవి 14 మాత్రమే.

రాతలు చూస్తే ఇద్దరి తంటాలూ కనిపిస్తాయి. ఇద్దరూ సహకరిస్తే విలియమ్స్‌కు ఒక సెంటు, ఆల్చియన్‌కు అర సెంటు వచ్చేలా ఆట కట్టారు. ఈ పంపకం అన్యాయమని ఆల్చియన్‌కు అనిపించింది. అప్పుడప్పుడు తను దెబ్బతీసి తేడా సరిచేసుకుంటే విలియమ్స్ ఊరుకోవాలని అతని ఉద్దేశం. విలియమ్స్ ఊరుకోలేదు, బదులుకొట్టి మళ్లీ దారిలో పెట్టేవాడు. నూరో ఆటలో ఇద్దరూ దెబ్బతీసుకున్నారు, తర్వాత బదులుతీర్చుకునే ఆట మిగల్లేదు కాబట్టి. ఈ ఫలితం చూసిన నాష్, ఇవి వంద విడివిడి ఆటలు కావని, వంద ఎత్తులున్న ఒకే పెద్ద ఆట అని అన్నాడు. ఆయన మాట నిజం. దుకాణాల విషయంలో అసలు కీలకమూ అదే.

మన మిక్సీ దుకాణాలకు మళ్లీ వద్దాం. ధర తగ్గించినవాడికి ఆ నెలలో అదనంగా వచ్చేది 4,000. పక్కవాడు తర్వాతి నెలలో తగ్గించాక, ఇద్దరూ అక్కడే ఇరుక్కుపోతే, నెలనెలా పోయేది 20,000. రేపు కూడా ఇదే వీధిలో దుకాణం తెరుస్తానన్న నమ్మకం ఉన్నవాడు 4,000 కోసం అంత పోగొట్టుకోడు. ఖాళీ చేసి వెళ్లిపోయేవాడు, అప్పు కట్టడానికి ఈ వారమే డబ్బు కావలసినవాడు మాత్రం తెగిస్తాడు. ధరల యుద్ధాలు కొన్నిసార్లు మూతపడబోయే దుకాణంతో మొదలవడానికి కారణం ఇదే.

ఇలా పదేపదే ఆడే ఆటలో ఏ ఎత్తుగడ నిలుస్తుందో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ కంప్యూటర్ల మీద తేల్చాడు. నిపుణుల నుంచి ప్రోగ్రాములు అడిగి, ఒకదానితో ఒకటి 200 ఎత్తుల చొప్పున ఆడించాడు. 14 ప్రోగ్రాములు వచ్చాయి. గెలిచింది అన్నిటికంటే చిన్నది, అనటోల్ రాపొపోర్ట్ పంపింది. మొదటి ఎత్తులో సహకరించు, ఆ తర్వాత అవతలివాడు కిందటిసారి ఏం చేశాడో అదే చెయ్యి. అంతే. ఫలితాలు అందరికీ తెలిసిన తర్వాత రెండోసారి పోటీ పెడితే 62 ప్రోగ్రాములు వచ్చాయి, మళ్లీ అదే గెలిచింది. విచిత్రం ఏమిటంటే, ఆ ప్రోగ్రాము ఏ ఒక్క ప్రత్యర్థి మీదా ఎక్కువ మార్కులు తెచ్చుకోలేదు, తెచ్చుకునే వీలూ లేదు, ఎందుకంటే అది ఎప్పుడూ ముందుగా దెబ్బతీయదు. మొత్తం కూడికలో మాత్రం పైన నిలిచింది.

దానికీ ఒక బలహీనత ఉంది. పొరపాటును తట్టుకోలేదు. పాత సరుకు వదిలించుకోవడానికి ఒకడు రెండు రోజులు ధర తగ్గిస్తే పక్కవాడు దాన్ని యుద్ధమనుకుంటాడు. బదులు తీర్చుకుంటాడు, దానికి మళ్లీ బదులు. ఇద్దరూ అదే నియమం పాటిస్తే ఆ ప్రతిధ్వని ఆగదు. అందుకే అప్పుడప్పుడు ఒక దెబ్బను చూసీచూడనట్టు వదిలేసే రకాలు, పొరపాట్లకు అవకాశమున్న ఆటల్లో ఇంతకంటే బాగా నిలుస్తాయి.

ప్రతి ధర తగ్గింపూ ఖైదీల సందిగ్ధం కాదని కూడా గుర్తుంచుకోవాలి. ధర తగ్గితే కొత్తవాళ్లు కొనడానికి వస్తే ఇద్దరూ బాగుపడొచ్చు. అది జరగాలంటే ఎంతమంది రావాలో లెక్క తేలికే. మిక్సీకి 600 మిగులుతుంటే, పాత 50,000 రావడానికి ఒక్కొక్కరు 84 మిక్సీలు అమ్మాలి. ధర తగ్గింది 8 శాతమే, అమ్మకాలు పెరగాల్సింది దాదాపు మూడింట రెండు వంతులు. సన్నని లాభం మీద నడిచే సరుకుల్లో ఇది అరుదు. ఒకడికి టోకు ధర నిజంగా తక్కువ పడుతుంటే అదీ వేరే ఆట, వాడు తగ్గించిన చోట నిలబడగలడు, పక్కవాడు నిలబడలేడు.

ఇద్దరూ కూర్చుని ధర మాట్లాడుకుంటే సరిపోదా? దుకాణాలకు సరిపోతుంది, కొనేవాళ్లకు కాదు. అందుకే మన దేశంలో 2002 నాటి పోటీ చట్టం పోటీదారులు ధర మీద కుమ్మక్కవడాన్ని నిషేధించింది. నా దృష్టిలో అది న్యాయం. దుకాణదారులిద్దరూ చెరో 20,000 పోగొట్టుకున్నారంటే, ఆ నెలలో మిక్సీ కొన్న వందమంది ఇళ్లకు 40,000 మిగిలినట్టే. ఖైదీలిద్దరూ ఒప్పుకుంటే బాగుపడేది బయటి సమాజం, ఇక్కడా అంతే.

మాటామంతీ లేకుండా అదే పని చేసే ఉపాయం ఒకటి చట్టబద్ధంగానే గోడల మీద కనిపిస్తుంది: 'ఇంతకంటే తక్కువకు ఎక్కడైనా దొరికితే తేడా మేమే ఇస్తాం.' ఈ హామీ ఉన్నచోట పక్కవాడు ధర తగ్గించి ఎవరినీ లాక్కోలేడు, బదులు క్షణాల్లో పడిపోతుంది. 54,000 వచ్చే గడి ఆట నుంచి మాయమవుతుంది, తగ్గించాలన్న ఆశా దానితోపాటే పోతుంది. ఆ బోర్డు చూసి అక్కడ ధర తప్పక తక్కువే ఉంటుందని నమ్మకండి. పక్క వీధిలోనూ, వీలైతే ఊరవతలా అడిగి కొనండి.