కప్పులో ఎంత, ఆకులో ఎంత: గ్రీన్ టీ, వార్ఫరిన్

వార్ఫరిన్ వాడేవారు గ్రీన్ టీ తాగకూడదన్న మాట వచ్చినప్పుడల్లా ముందుగా చెప్పేది 1999లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో అచ్చయిన ఒకే ఒక్క రోగి సంగతి. ఆయనకు 44 ఏళ్లు. గుండెలో కృత్రిమ కవాటం అమర్చారు కాబట్టి దాని మీద గడ్డ కట్టకుండా వార్ఫరిన్ ఇస్తున్నారు. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే ఐఎన్ఆర్ ఆయనకు 3.79 ఉండగా, తర్వాతి పరీక్షల్లో 1.37కు, ఆపైన 1.14కు పడిపోయింది. మందు వాడని ఆరోగ్యవంతులకు ఇది సుమారు 1 ఉంటుంది. అంటే మందు దాదాపు పనిచేయడం మానేసింది. ఆరా తీస్తే, 1.37 రావడానికి వారం ముందు నుంచి ఆయన రోజూ సుమారు 2 నుంచి 4 లీటర్ల గ్రీన్ టీ తాగుతున్నట్టు తెలిసింది. టీ మానేశాక ఐఎన్ఆర్ మళ్లీ 2.55కు చేరింది.

టీకీ ఈ మందుకీ ముడి విటమిన్ కె దగ్గర పడింది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లలో నాలుగింటిని కాలేయం ఈ విటమిన్ సాయంతోనే తయారుచేస్తుంది. ఒకసారి వాడిన విటమిన్‌ను శరీరం పారేయదు. ఒక ఎంజైము దాన్ని మళ్లీ పనికొచ్చేలా చేస్తుంది. వార్ఫరిన్ అడ్డుకునేది ఆ ఎంజైమునే. ‘రక్తం పలచబడే మందు’ అని అందరూ అంటారు గానీ రక్తం పలచబడేదేమీ లేదు, గడ్డకట్టే ప్రొటీన్ల తయారీ మందగిస్తుందంతే. తిండి ద్వారా విటమిన్ కె ఎక్కువగా వస్తే ఆ అడ్డు కొంత వీగిపోతుంది.

ఎండిన గ్రీన్ టీ ఆకులో విటమిన్ కె బాగానే ఉంది, 100 గ్రాములకు సుమారు 1,400 మైక్రోగ్రాములు. పెద్దవారికి రోజుకు కావలసింది ఆడవారికి 90, మగవారికి 120. ఈ అంకె చూసే చాలామంది భయపడతారు. కానీ విటమిన్ కె నూనెలో కరిగేది, నీటిలో కరగదు. వేడినీళ్లలో టీ సంచిని ముంచి తీస్తే రంగూ వగరూ నీళ్లలోకి దిగుతాయి, విటమిన్ మాత్రం ఆకులోనే ఉండిపోతుంది. కాచి వడకట్టిన టీలో 100 మిల్లీలీటర్లకు 0.03 మైక్రోగ్రాము మించి కనబడలేదు. ఆ లెక్కన 4 లీటర్లు తాగినా ఒక మైక్రోగ్రాము పైచిలుకే. పైన చెప్పిన రోగి ఐఎన్ఆర్ అంతగా పడిపోవడాన్ని ఈ లెక్క వివరించలేదు. ఒక్క రోగి అనుభవంతో టీనే దోషి అని తేల్చలేం, అలాగని లీటర్ల కొద్దీ తాగమనీ చెప్పలేం. రోజుకు ఒకటి రెండు కప్పుల వడకట్టిన టీ తాగేవారికి మాత్రం విటమిన్ కె పరంగా భయపడాల్సిందేమీ లేదు.

ఆకును మింగితే లెక్క మారిపోతుంది. జపాన్ వారి మాచా అంటే గ్రీన్ టీ ఆకును మెత్తగా విసిరిన పొడి. దాన్ని నీళ్లలో గిలకొట్టి పొడితో సహా తాగుతారు. జపాన్ ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల మాచాలో 2,900 మైక్రోగ్రాములు ఉంటుంది, కాబట్టి 2 గ్రాముల కప్పుతో 58 కడుపులోకి చేరుతుంది. గ్రీన్ టీ సారంతో చేసిన మాత్రలు, పొడులు ఎంత గాఢంగా ఉంటాయో డబ్బా మీద చూసి చెప్పడం కష్టం. డాక్టరుకు చెప్పకుండా వాటిని మొదలుపెట్టకూడదు.

ఇక నిలకడ సంగతి. ఆకుకూర అరుదుగా తినే ఒకామెకు తిండి ద్వారా రోజుకు 60 మైక్రోగ్రాములు వస్తోందనుకుందాం. ఆ తిండికి సరిపడా డాక్టరు మోతాదు కుదిర్చారు, ఐఎన్ఆర్ 2, 3 మధ్య నిలిచింది. ఆమె రోజూ ఒక కప్పు మాచా మొదలుపెట్టింది. విటమిన్ దాదాపు రెట్టింపైంది, ఐఎన్ఆర్ తగ్గింది, డాక్టరు మోతాదు పెంచారు. నెల తర్వాత ఊరెళ్లి మాచా మానేసింది. పెంచిన మోతాదు మాత్రం అలాగే ఉంది. అప్పుడు ఐఎన్ఆర్ 3 దాటి పైకి పోతుంది. చిగుళ్ల నుంచి రక్తం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం కనిపిస్తే అదే సూచన. ఆ మార్పు వెంటనే కనబడదు. గడ్డకట్టే ప్రొటీన్లలో ఒకటి కొన్ని గంటల్లోనే తగ్గినా, ప్రోత్రాంబిన్ తగ్గడానికి రోజులు పడుతుంది. అందుకే అలవాటు మారాక వారంలోగా ఒకసారి పరీక్ష చేయించుకోవడం అవసరం. మోతాదు మార్చడం డాక్టరు పని.

భయపడి ఆకుకూరలన్నీ మానేసేవారికి ఇదే మరింత ఇబ్బంది. శరీరంలో నిల్వ తక్కువగా ఉంటే ఒక పూట పాలకూర పప్పు తిన్నా ఐఎన్ఆర్ ఊగుతుంది. బ్రిటన్‌లో ఐఎన్ఆర్ నిలవని రోగులకు రోజూ 150 మైక్రోగ్రాముల విటమిన్ కె ఇచ్చి చూస్తే, చాలామందిలో నిలకడ మెరుగుపడింది. ఇది సొంతంగా వేసుకోవాల్సిన మాత్ర కాదు గానీ, నిలకడకు కారణమేమిటో దీన్నిబట్టి తెలుస్తుంది. వారానికి రెండుసార్లు ఆకుకూర తినేవారు అలాగే తింటూ ఉండవచ్చు.

ఐఎన్ఆర్ తగ్గితే ప్రమాదం రెండో వైపు ఉంటుంది. లోహపు కవాటం ఉన్నవారికి నిశ్శబ్దంగా ఉన్న గదిలో తమ గుండె టిక్ టిక్ వినబడుతుంది. ఆ చప్పుడు మందగించినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మన దగ్గర ఎక్కువగా రాసే అసిట్రోమ్ కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది, దానికీ ఇవే జాగ్రత్తలు. అపిక్సబాన్, రివరాక్సబాన్ వంటి కొత్త మందులకు విటమిన్ కెతో సంబంధం లేదు. లోహపు కవాటం ఉన్నవారికి మాత్రం వాటిని వాడరు.